ఆడిట్ లాగ్‌లో ఒక వరుస

నాణ్యతా నిర్వహణ ప్రమాణమైన ఐఎస్ఓ 9001కు సంబంధించిన లీడ్ ఆడిటర్ కోర్సు సాధారణంగా 5 రోజులు, 40 గంటలు సాగుతుంది. పరీక్షలో ఉత్తీర్ణులైతే కోర్సు సర్టిఫికెట్ వస్తుంది గానీ, లీడ్ ఆడిటర్ హోదాకు ఆడిట్ అనుభవాన్ని లాగ్‌లో విడిగా చూపాలి.

ఈ వారం భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో మా బృందం, శీతల గది థర్మామీటరుకు కాలిబ్రేషన్ గడువు దాటిపోయినా దాని రీడింగుల ఆధారంగానే సరుకును విడుదల చేస్తున్నారని గుర్తించి, కొలత పరికరాలకు సంబంధించిన 7.1.5 క్లాజు కింద నాన్‌కన్ఫార్మిటీ నమోదు చేసింది. అయితే లాగ్‌కు కావలసింది ఆ లోపం కాదు. తేదీలు, ఆడిట్ పరిధి, ప్రమాణం, ప్లాంటులో గడిపిన సమయం, నా పాత్ర, వాటిని ధ్రువీకరించగల వ్యక్తి వివరాలు.

అన్నింటికన్నా కీలకం పాత్రే అని నా అభిప్రాయం. ప్రణాళిక, ప్రారంభ సమావేశం మొదలుకొని నివేదిక వరకు బృందాన్ని నడిపించినవారే నాయకత్వం వహించినట్లు రాసుకోవాలి. ఈసారి నేను పరిశీలించింది కొలత పరికరాలనే కనుక, ఆ వరుసలో ‘బృంద సభ్యుడు’ అనే రాశాను.