అభిమానం, అభిమాన్

ఆదివారం, బ్రాడీపేట.

మధ్యాహ్నం భోజనాలకి నేల మీద నలుగురం. అమ్మ, నాన్న, లక్నో నుంచి వచ్చిన మా ఆవిడ, మధ్యలో నేను. అమ్మకి హిందీ రాదు. మా ఆవిడకి తెలుగు సగం వచ్చు. చిక్కంతా ఆ సగంతోనే. బొత్తిగా రాకపోతే నేను చెప్పిందే నమ్మేది. ఇప్పుడు తెలిసిన మాట ఒకటి చెవిన పడుతుంది, దానికి వాళ్ళ ఊరి అర్థం తగిలించేసుకుంటుంది.

గోంగూర కలుపుతుండగా పక్కింటి పిన్నిగారు తొంగి చూశారు. అమ్మ ఆవిడతో, "మా కోడలికి మేమంటే ఎంత అభిమానమో!" అంది. మా ఆవిడ చేతిలో ముద్ద ఆగిపోయింది. హిందీలో అభిమాన్ అంటే గర్వం, పొగరు. పుట్టింది ఒకే సంస్కృతం మాట నుంచే అయినా, మనదగ్గర అది ప్రేమ వైపు నడిచింది, అక్కడ అహంకారం వైపు తిరిగింది. ఇలాంటప్పుడు వాక్యం మొత్తం చెప్పబోతే లాభం లేదు, ఆ మాట గుచ్చుకుని ఉండగా మిగతాది తలకెక్కదు. ముందు "అభిమాన్ కాదు, లగావ్" అని ముల్లు తీసి, తర్వాత వాక్యం చెప్పాలి. ‘మర్యాద’ కూడా ఈ కోవదే. "మీ అమ్మగారు ఎంత మర్యాద చేశారో" అన్నదాన్ని అదే మాటతో దాటిస్తే హద్దులూ కట్టుబాట్లూ అని వినిపిస్తుంది. అక్కడ ఖాతిర్‌దారీ అనాలి.

ఒంటి గురించి అనే మాటలు అందరూ అనుకున్నంత కష్టం కాదు. "చిక్కిపోయావే" అంటే "దుబలీ హో గయీ", వాళ్ళ అమ్మ కూడా ఫోన్లో అదే అంటుంది. జాగ్రత్తంతా "ఒళ్ళు చేశావ్" దగ్గర. "మోటీ హో గయీ" అన్నామా, సాయంత్రం దాకా మాటలుండవు. "సెహత్ బన్ గయీ" అంటే అమ్మ మనసులో ఉన్నదే, పుట్టింటికి వెళ్ళి నిండుగా వచ్చావని. ఇది మెత్తబరచడం కాదు, సరైన మాట వెతకడం. రెండిటికీ తేడా ఉంది.

నాన్న "తినమ్మా" అన్నప్పుడు ‘అమ్మా’ని మక్కీకి మక్కీ దించకూడదు. "బేటా" చాలు, వాళ్ళు ఆడపిల్లని కూడా అలాగే పిలుస్తారు. అమ్మ పిలిచే "ఏమే" ఇంకాస్త గడ్డు. దానికి సరిపోయే "క్యోఁ రీ" హిందీలో లేకపోలేదు. కానీ పసిపిల్లల్ని కూడా ఆప్ అని పిలిచే ఇంట్లో పెరిగిన మనిషికి అది చెంపదెబ్బలా ఉంటుంది. అందుకే "సునో బేటా" అంటున్నాను. ఇక్కడ మాత్రం ఒప్పుకోవాలి, చనువు కొంత పోతోంది.

అటు నుంచి ఇటు వచ్చేవాటిలోనూ నష్టం ఉంది. మా ఆవిడ "ఆప్‌కీ బహుత్ యాద్ ఆయీ" అంటే మొదట్లో "మీరు బాగా గుర్తొచ్చారట" అనేవాణ్ణి. అమ్మ "ఊఁ" అని ఊరుకునేది. మర్చిపోయిన తాళంచెవి గుర్తొచ్చినట్టుంది మరి. "మీమీద బెంగపెట్టుకున్నాను" అంటే అమ్మ కళ్ళలో నీళ్ళు. ఆ ‘అట’ కూడా మానేశాను. "అమ్మ అంటోంది", "తను అంటోంది" అని మొదలుపెడితే ఇద్దరూ నా మొహమే చూస్తారు. ‘నేను’ అని వాళ్ళ గొంతుతో చెప్తే ఒకరినొకరు చూసుకుంటారు. అనువాదం కుదిరిందో లేదో చూపులు ఎటున్నాయో చూస్తే తెలిసిపోతుంది.

పెరుగన్నం దగ్గర అసలుది వచ్చింది. "వచ్చే సంక్రాంతికి నా ఒళ్ళో మనవడుండాలి." మింగేద్దామనుకున్నాను. కానీ అమ్మ ఎనిమిది మాటలంటే నేను రెండు చెప్పినప్పుడు ఇద్దరికీ అనుమానమే. పైగా జవాబు రాకపోతే కోడలు మొహం చాటేసిందని అమ్మ అనుకుంటుంది. ఒక్కటే మార్చాను, ‘మనవడు’ బదులు ‘బచ్చా’. మగపిల్లాడే కావాలన్న పట్టుదల అమ్మకి లేదు, అది నోటికొచ్చిన వరస. సంక్రాంతి గడువు మాత్రం ఉంచేశాను, అది నిజంగా అన్న మాట.

మా ఆవిడ తడుముకోలేదు. "అభీ తో ఆప్‌కా బేటా హీ బచ్చా హై."

ఇప్పుడు మెత్తబరచాలనిపించింది, నా గురించి కాబట్టి. రెండు క్షణాలు గటగటా మజ్జిగ తాగాను. అమ్మ కనిపెట్టేసింది, "ఏమందిరా, చెప్పు". చెప్పాను. "ఇంకా మీ అబ్బాయే చిన్నపిల్లాడు కదత్తయ్యా."

"నీ దుంపతెగ!" అని అమ్మ పడీపడీ నవ్వింది. దాన్ని "శైతాన్ కహీఁ కీ" అని దాటిద్దామని నోరు తెరిచేసరికి మా ఆవిడ అప్పటికే నవ్వుతోంది.