ఏ జన్మలో ఏం చేశావో అన్నవారికి

న్యుమోనియా తగ్గింది. ఆక్సిజన్ మాస్క్ తీసేశారు, యాంటీబయాటిక్ కోర్సు పూర్తయింది. ఆ వివరాలు ఎవరివైనా ఒకటే. మిగిలింది ఒక మాట. పడుకుంటే ఊపిరి అందక కూర్చునే తెల్లవార్చిన రాత్రి, చూడటానికొచ్చిన దగ్గర బంధువు ఒకరు "ఏ జన్మలో ఏం చేశావో, అనుభవించక తప్పదు" అన్నారు. బదులు చెప్పే ఓపిక అప్పుడు లేదు. ఇప్పుడుంది.

ఇలా అనేవాళ్లు వేదాంతాన్ని అడ్డుపెట్టుకుంటారు. వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం మొదటి పాదంలో 34వ సూత్రం సరిగ్గా ఈ చిక్కునే ఎత్తుకుంటుంది. ఒకరికి సుఖం, మరొకరికి దుఃఖం ఇచ్చే ఈశ్వరుడు పక్షపాతి కాడా, దయలేనివాడు కాడా? కాడు, జీవుల కర్మను బట్టే సృష్టిస్తాడని జవాబు. దీనికి భాష్యం రాసిన శంకరులు వానను ఉదాహరణగా చెబుతారు: వరికీ యవలకూ కురిసే వాన ఒకటే, తేడా విత్తనంలో ఉంది. మరి మొట్టమొదట కర్మ ఎక్కడిది? సంసారానికి మొదలే లేదంటుంది తర్వాతి సూత్రం. నాకిది పూర్తిగా మింగుడుపడదు. ప్రశ్న వెనక్కి జరిగిందే గానీ తీరలేదు. అయినా ఈ వాదం పుట్టింది ఈశ్వరుడి మీద పడ్డ నింద తుడవడానికి. మంచం మీదున్న మనిషిని బోనులో నిలబెట్టడానికి కాదు.

బుద్ధుడు ఇంకా సూటిగా మాట్లాడాడు. మనిషి అనుభవించేదంతా పూర్వకర్మేనంటారు, నిజమేనా అని సీవకుడనే పరివ్రాజకుడు అడుగుతాడు. ఇది బుద్ధుడి బోధల సంకలనమైన సంయుత్త నికాయంలో ఉంది. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలిసి చెడటం, ఋతువు మారడం, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, పైనుంచి తగిలే దెబ్బ, ఆఖరున కర్మ: ఇలా 8 కారణాలు చెప్పి, అంతా కర్మేననేవాళ్లది తప్పంటాడు. ఆ రాత్రి మంచం తలవైపు ఎత్తి, నిమిషానికి ఎన్ని ఊపిరులో లెక్కపెట్టి డాక్టర్‌ను పిలిచిన నర్సమ్మ కూడా కారణాన్ని ఊపిరితిత్తుల్లోనే వెతికింది. ఆమెకు రుణపడి ఉన్నాను.

బైబిల్లో యోబు కథ ఇలాంటి పరామర్శల గురించే. ఏ తప్పూ చేయకుండానే పిల్లల్నీ, ఆస్తినీ, ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న మనిషి యోబు. అతని స్నేహితులు ఎలీఫజు, బిల్దదు, జోఫరు వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా పక్కన కూర్చుంటారు. అంతవరకూ బాగానే ఉంది. నోరు విప్పాక మొదలైంది బాధ: నీ పిల్లలు పాపం చేసే పోయారంటాడు బిల్దదు. చివర్లో దేవుడు సుడిగాలిలోంచి మాట్లాడతాడు గానీ ఈ కష్టం ఎందుకొచ్చిందో యోబుకు చెప్పడు. కోపం మాత్రం ఆ స్నేహితుల మీద చూపిస్తాడు: నా గురించి మీరు సరిగా మాట్లాడలేదు, నా సేవకుడు యోబు మాట్లాడాడు అని. దేవుణ్ని నిలదీసినవాడు సరైనవాడయ్యాడు, దేవుణ్ని వెనకేసుకొచ్చినవాళ్లు తప్పయ్యారు.

వాళ్ల కోసం యోబే ప్రార్థించాలన్నది దేవుడు పెట్టిన షరతు. యోబు ప్రార్థించాడు. నాకింకా అంత మనసు రాలేదు.