ఫోటోలో వెదర్ మ్యాప్ చూసి కోత వాయిదా వేశాం – నా అనుభవం

నవంబర్ ఆఖరు, మా కోనసీమలో సార్వా వరి పండిపోయి వెన్ను బరువుకి వంగిపోయి ఉంది, కూలీలు దొరికారు, రేపు పొద్దున్నే కోసి పనలు పరుద్దాం అనుకుంటున్న టైంలో మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక మ్యాప్ ఫోటో పడింది. మధ్యలో పెద్ద ఎర్ర అక్షరం L, చుట్టూ గుండ్రంగా గీతలు, పక్కనుంచి నీలం త్రిభుజాలున్న ఒక లైను కిందికి వేలాడుతోంది, కింద "కోనసీమకి భారీ తుఫాను, అందరికీ షేర్ చెయ్యండి" అని రాసుంది. అరగంటలో పది మంది ఫార్వర్డ్ చేశారు. మా నాన్నకి కోత ఆపాలా వద్దా అని టెన్షన్, నాకేమో ఆ ఫోటోలో ఏముందో అర్థం కాని చిరాకు.

మా మేనమామ చాలా ఏళ్ళు సరుకు ఓడల మీద పని చేసి రిటైరై వచ్చారు, ఓడలో వాళ్ళకి రోజూ ఇలాంటి మ్యాపులే ఫ్యాక్స్‌లో వచ్చేవి. ఫోటో పంపిస్తే ఆయన వెంటనే ఫోన్ చేసి "ఒరే, ఆ నీలం త్రిభుజాలు చూశావా? అది మన బంగాళాఖాతం కాదురా" అన్నారు.

విషయం ఏంటంటే ఆ త్రిభుజాల లైనుని కోల్డ్ ఫ్రంట్ అంటారు, చల్లగాలి వేడిగాలిని నెట్టుకుంటూ వచ్చే సరిహద్దు అది. త్రిభుజాల మొనలు ఎటు చూస్తుంటే ఆ లైను అటు కదులుతోందని అర్థం. ఎర్ర అర్ధచంద్రాలు ఉంటే వార్మ్ ఫ్రంట్, వేడిగాలి ముందుకొస్తోందని. ఇవి రెండూ రావాలంటే పక్కపక్కనే బాగా తేడా ఉన్న రెండు రకాల గాలి ఉండాలి, అంటే ఒక పక్క ధ్రువాల వైపు నుంచొచ్చే చలిగాలి, ఇంకో పక్క వెచ్చటి గాలి. జపాన్, యూరప్, అమెరికా లాంటి చోట్ల మ్యాపుల నిండా అవే. మన సముద్రం మీద ఎటు చూసినా దాదాపు ఒకే వేడి, ఒకే తేమ, అందుకని మన తుఫానులకి ఫ్రంట్లు ఉండవు. ఫోటో పెద్దది చేసి అంచుల్లో అంకెలు చూస్తే అక్షాంశాలు 30, 40 అని, రేఖాంశం 140 అని ఉన్నాయి, మన కోనసీమ సుమారు 16 న్నర, 82 దగ్గర ఉంటుంది. అంటే ఎవరో జపాన్ మ్యాప్ తీసుకొచ్చి మన ఊరి పేరు రాసి పడేశారన్నమాట. తేదీ ఉండే పైభాగం కూడా శుభ్రంగా కత్తిరించేశారు.

ఆ ఫోటో సంగతి అక్కడితో తేలిపోయింది గానీ కోత సంగతి తేలలేదు, ఎందుకంటే నిజంగానే దక్షిణ బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందని న్యూస్‌లో చెప్తున్నారు. అప్పుడు మావయ్య "అసలైన చార్టు చూద్దాం ఆగు" అని వాతావరణ శాఖ చార్టు ఫోటో పంపి ఫోన్ మీదే కూర్చోబెట్టారు. దాన్ని ఎలా చూశామో కొంచెం వివరంగా రాస్తాను.

ముందు టైం. చార్టు మీద 0300 UTC అని ఉంది. దానికి అయిదున్నర గంటలు కలిపితే మన టైం, అంటే అది పొద్దున్న ఎనిమిదిన్నరకి తీసుకున్న లెక్కలు. సాయంత్రం ఫోటో చూసి "ఇప్పుడు ఇక్కడుంది" అనుకుంటే అప్పటికే తొమ్మిది పది గంటలు గడిచిపోయి ఉంటాయి. ఇంకోటి, ఇలాంటి చార్టు అప్పుడు గాలి ఎలా ఉందో చెప్తుంది తప్ప రేపు ఎలా ఉంటుందో చెప్పదు, రేపటి కోసం గీసే చార్టు వేరే ఉంటుంది, దాని మీద ఫోర్‌కాస్ట్ అని రాసుంటుంది. ఇది చూసుకోకుండా మాట్లాడుకునేవాళ్ళే ఎక్కువ.

తర్వాత గీతలు, వీటినే ఐసోబార్లు అంటారు. ఒక గీత పొడుగునా గాలి ఒత్తిడి ఒకటే ఉంటుంది. మా చార్టులో గీతకీ గీతకీ 2 హెక్టాపాస్కల్ తేడా, 1004, 1006, 1008 అలా పోతున్నాయి. కొన్ని దేశాల చార్టుల్లో 4 చొప్పున గీస్తారు, కాబట్టి ఊరికే గీతలు లెక్కపెట్టి పోల్చకూడదు, మీద అంకెలు చూడాలి. కొన్నిట్లో చివరి రెండంకెలే రాస్తారు, 08 అంటే 1008, 98 అంటే 998. ఫోటో మసగ్గా ఉంటే ఇక్కడే దెబ్బ తింటాం, 1006 కాస్తా 1008 లాగ కనిపిస్తుంది.

మా చార్టులో L, అంటే అల్పపీడనం, దక్షిణాన శ్రీలంకకి తూర్పు పక్కన ఉంది, దాని చుట్టూ పూర్తిగా మూసుకున్న గీతలు ఒకటో రెండో. మన దేశంలో నేల మీద ఉన్నవాటికి ఒక మూసుకున్న గీత ఉంటే అల్పపీడనం, రెండుంటే వాయుగుండం, మూడైతే తీవ్ర వాయుగుండం, నాలుగూ అంతకన్నా ఎక్కువైతే తుఫాను అని లెక్క. సముద్రం మీద ఉన్నప్పుడు మాత్రం గాలి వేగం చూసి పేరు పెడతారు, 17 నాట్ల నుంచి వాయుగుండం, 34 నాట్ల నుంచి తుఫాను. నాట్ అంటే గంటకి దగ్గర దగ్గర 1.85 కిలోమీటర్లు.

"అంత దూరంలో చిన్న అల్పపీడనమే కదా మావయ్యా, కోసేద్దామా?" అన్నాను. ఆయన "L ని చూడకు, మన ఊరి మీద గీతలు చూడు" అన్నారు. నాకు అసలు విషయం బుర్రకెక్కింది ఇక్కడే. ముందురోజు చార్టులో గీతలు చాలా ఎడంగా ఉండి మన కోస్తా మీదుగా ఒకటే వెళ్తోంది. ఆ రోజు చార్టులో ఉత్తరాన మధ్యభారతం మీద H అని ఉంది, అంటే అధికపీడనం, అది కొంచెం బలపడింది, కింద L లోతైంది, మధ్యలో ఉన్న మన కోస్తా మీద రెండు గీతలు దగ్గరికి జరిగాయి, వాటి మధ్య ఎడం ముందురోజుతో పోలిస్తే సగానికి పడిపోయింది. లాకు దగ్గర కాలవ చూడండి, పైన నీటిమట్టం కింద నీటిమట్టం తేడా ఎక్కువై మధ్య దూరం తక్కువైతే నీళ్ళు ఎంత ఉరవడిగా దూకుతాయో గాలీ అంతే. ఎడం సగమైతే గాలి తోపు రెట్టింపు అవుతుంది. అంటే L మన దగ్గరికి రాకపోయినా సరే, అక్కడే ఉన్నా సరే మనకి గాలి పెరుగుతుంది.

గాలి ఎటునుంచో కూడా చార్టులోనే ఉంటుంది. ప్రతి స్టేషన్ దగ్గరా చిన్న సున్నా, దానికో తోక, తోక చివర ఈకలు. తోక ఎటువైపు ఉంటే గాలి అటునుంచి వస్తోందని. పూర్తి ఈక 10 నాట్లు, సగం ఈక 5, నిండు త్రిభుజం జెండా ఉంటే 50. కాకినాడ దగ్గర తోక ఈశాన్యం వైపు ఉంది, ఒక పూర్తి ఈక ఒక సగం ఈక, అంటే 15 నాట్లు, గంటకి 28 కిలోమీటర్లు. ముందురోజు అక్కడ సగం ఈకే ఉంది. బయటికెళ్ళి గాలికి వీపు పెట్టి నించుంటే ఎడమచేతి వైపు అల్పపీడనం ఉంటుందని మావయ్య చెప్పారు, భూమధ్యరేఖకి బాగా దగ్గర్లో తప్ప దానికి ఉత్తరాన ఎక్కడైనా ఇది పనిచేస్తుంది. డాబా ఎక్కి చూశాను, ఈశాన్యం గాలికి వీపు పెడితే ఎడమ చెయ్యి ఆగ్నేయం చూపిస్తోంది, చార్టులో L ఉన్నది కూడా ఇంచుమించు అటే.

ఇక వాన. ఐసోబార్లు చూసి గాలి చెప్పగలం, ఎంత వాన పడుతుందో చెప్పలేం, దానికి ఉపగ్రహం ఫోటో, బులెటిన్ చూడాల్సిందే. బులెటిన్‌లో అల్పపీడనం తమిళనాడు వైపు వెళ్తుందని, మా జిల్లాకి తేలికపాటి జల్లులు అని ఉంది. గాలి ఎక్కువ, జల్లులు పడతాయి, మబ్బు, ఇలాంటప్పుడు కోసి పనలు పరిస్తే అవి ఆరవు, తడి నేల మీద పడుంటే గింజ మొలకెత్తుతుంది. నిలబడున్న చేను అయితే కొంత వాలొచ్చు గానీ మొత్తం పోదు. అందుకని కోత ఆపి, చేలో మిగిలిన నీళ్ళు బోదెలోకి తీసేసి, కూలీలకి ఫోన్ చేసి చెప్పేశాం. మా నాన్న "ఆయ్, ఫోటో చూసి వ్యవసాయం చేసే రోజులొచ్చాయి" అని ఒక విసురు విసిరి ఊరుకున్నారు. నిజంగా పెద్ద తుఫాను మీదకొస్తుంటే మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది, అప్పుడు మెషీన్ దొరికితే కోయించేసి ధాన్యం ఇంటికి చేర్చుకోవడమే మేలు.

ఆ రెండు మూడు రోజులూ ఫోన్‌లో బారోమీటర్ యాప్ పెట్టుకుని కూర్చున్నాను, అన్ని ఫోన్లలో ఆ సెన్సార్ ఉండదు, నాదాంట్లో ఉంది. పొద్దున్న పదింటికి చూసి సాయంత్రం నాలుగింటికి చూస్తే 3 హెక్టాపాస్కల్ తగ్గింది, గుండె జారిపోయి మావయ్యకి చెప్తే ఆయన నవ్వి "రోజూ తగ్గుతుందిరా, తుఫాను ఉన్నా లేకపోయినా" అన్నారు. మన లాంటి వేడి ప్రాంతాల్లో ఒత్తిడి పొద్దున్న పదికి, రాత్రి పదికి ఎక్కువగా, తెల్లవారుజామున నాలుగుకి, సాయంత్రం నాలుగుకి తక్కువగా ఉంటుందట, తేడా 3 నుంచి 4 దాకా. కాబట్టి ఈ రోజు నాలుగింటి అంకెని నిన్న నాలుగింటి అంకెతో పోల్చాలి. అలా పోల్చితే తగ్గింది ఒకటే. మర్నాడు అదే టైంకి మళ్ళీ పెరగడం మొదలైంది, కొత్త చార్టులో కూడా L తమిళనాడు తీరం వైపు జరిగి మన మీద గీతలు ఎడమయ్యాయి. చేను గట్ల వెంబడి కొంచెం వాలింది. పక్క చేను వాళ్ళు ముందే కోసేశారు, వాళ్ళ పనలు తిరగేసి ఆరబెట్టుకోడానికి నానా అవస్థ పడ్డారు. పొడి ఉత్తరగాలి మొదలయ్యాక మేం హార్వెస్టర్ పెట్టి కోయించాం.

మావయ్య చెప్పిన ఇంకో లెక్క ఉంది, ఇది తుఫాను నిజంగా మనవైపు వస్తున్నప్పుడు. తుఫాను గాలి మన దగ్గర గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతుంది, అందుకని తూర్పు నుంచి వచ్చి తీరం దాటేటప్పుడు దాటిన చోటికి ఉత్తరాన ఉన్నవాళ్ళకి గాలి సముద్రం మీంచి నేల మీదికి కొడుతుంది, నీళ్ళని కూడా తోసుకొస్తుంది, ఉప్పెన భయం అటే. దక్షిణాన ఉన్నవాళ్ళకి గాలి నేల మీంచి సముద్రం వైపు పోతుంది. 2018 డిసెంబర్ 17న పెథాయ్ మా కాట్రేనికోన దగ్గరే తీరం దాటింది. అలా దాటేటప్పుడు అంతర్వేది వైపు ఒక రకం గాలి, యానాం కాకినాడ వైపు ఇంకో రకం గాలి ఉంటుంది, రెండూ ఒకే డెల్టాలో. గాలి ఈశాన్యం నుంచి తూర్పుకి, అక్కణ్ణించి ఆగ్నేయానికి తిరుగుతుంటే తుఫాను మనకి దక్షిణంగా దాటుతోందని, ఈశాన్యం నుంచి ఉత్తరానికి, వాయవ్యానికి తిరుగుతుంటే మనకి ఉత్తరంగా పోతోందని.

ఇప్పుడు గ్రూపులో మ్యాప్ ఫోటో పడితే నేను మూడే అడుగుతున్నాను, తేదీ టైం ఉన్న పైభాగం ఏది, అంచున అక్షాంశాలు ఎంత, నీలం త్రిభుజాలు ఉన్నాయా అని. మొన్నొకాయన మళ్ళీ త్రిభుజాలున్నదే పెట్టాడు, "ఇది మనది కాదు బాబాయ్" అంటే "మరి ఎవరిదైతే వాళ్ళకి పంపించు" అన్నాడు.