తెల్లబడని పరీక్షనాళిక

ఈ రోజు మధ్యాహ్నం ల్యాబ్‌లో ఫస్టియర్ పిల్లలతో లెడ్ నైట్రేట్, ఉప్పు ద్రావణాలు కలిపించాను. రెండూ 0.04 మోలార్. పొద్దున నేనే కూర్చుని తూచాను: పావు లీటరుకు లెడ్ నైట్రేట్ 3.31 గ్రాములు, ఉప్పు 0.58 గ్రాములు. కలపకముందే అవక్షేపం వస్తుందో రాదో లెక్కవేసి కాగితం మీద రాసివ్వమన్నాను. లెడ్ క్లోరైడ్ ద్రావణీయతా లబ్ధం, అంటే కేఎస్పీ, 1.7 × 10⁻⁵ అని బోర్డు మీద రాశాను.

దాదాపు అందరూ "వస్తుంది" అనే రాశారు. ఐదు మిల్లీలీటర్ల లెడ్ నైట్రేట్‌లో ఐదు మిల్లీలీటర్ల ఉప్పునీళ్లు పోశారు. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. "మేడం, మందు పాతదేమో" అన్నాడొకడు. ఏం తేడా వచ్చినా వీళ్లు ముందు నిందించేది సీసానే!

కాగితాలు తిరగేశాను. దాదాపు అన్నిటిలోనూ ఒకే లెక్క: 0.04 × (0.04)², అంటే 6.4 × 10⁻⁵. ఇది 1.7 × 10⁻⁵ కన్నా ఎక్కువే, అంచేత అవక్షేపం రావాలి. లెక్క సరిగ్గానే చేశారు, అంకెలే కలపకముందువి. ఐదుకి ఐదు కలిపితే పది అవుతుంది, ఉన్న అయాన్లు ఆ పదిలో సర్దుకోవాలి, కాబట్టి రెండిటి గాఢతా సగానికి పడిపోతుంది. లెడ్ 0.02, క్లోరైడ్ 0.02. అయానిక లబ్ధం 0.02 × (0.02)², అంటే 8 × 10⁻⁶. కేఎస్పీలో సగం కూడా లేదు. మజ్జిగలో నీళ్లు పోస్తే పలచబడుతుందని తెలిసిన పిల్లలు ఇక్కడ మాత్రం మర్చిపోతారు. ఒకమ్మాయి సగం చేయడం గుర్తుపెట్టుకుంది కానీ క్లోరైడ్‌ను రెండుతో గుణించి ఆపైన వర్గం చేసింది. లెడ్ క్లోరైడ్ ఒక్కటే కరిగినప్పుడు ఒక లెడ్‌కు రెండు క్లోరైడ్‌లు వస్తాయి, కాబట్టి అక్కడ ఆ రెండు కావాలి. ఇక్కడ క్లోరైడ్ ఉప్పులోంచి విడిగా వచ్చింది, ఎంత ఉంటే అంతే.

తర్వాత అదే లెడ్ నైట్రేట్‌లో 0.04 మోలార్ పొటాషియం అయొడైడ్ పోయించాను. లబ్ధం మారలేదు, అదే 8 × 10⁻⁶. కానీ లెడ్ అయొడైడ్ కేఎస్పీ సుమారు 10⁻⁸. మొదటి చుక్కలకే నాళికంతా పసుపు కలిపినట్టయింది. పిల్లలు ఫోన్లు తీశారు, నేను చూడనట్టు ఊరుకున్నాను.

అంతవరకు బాగానే నడిచింది. ఆ రెండుతో గుణించిన అమ్మాయే, "అయితే మేడం, సరిగ్గా గీత దాటేలా చేద్దామా?" అంది. తనే లెక్కవేసింది: ఉప్పు 0.06 మోలార్ తీసుకుంటే కలిపాక క్లోరైడ్ 0.03, లబ్ధం 1.8 × 10⁻⁵. వెంట్రుకవాసి ఎక్కువ. కలిపాం. ఏమీ రాలేదు. అతిసంతృప్తమేమోనని గాజుకడ్డీతో నాళిక గోడ గీకించాను. అప్పటికీ రాలేదు. పది నిమిషాలాగాం. అబ్బే!

ఖాళీ పీరియడ్‌లో హ్యాండ్‌బుక్ తీశాను. ఆ కేఎస్పీతో లెక్కిస్తే లీటరు నీళ్లలో నాలుగున్నర గ్రాముల లెడ్ క్లోరైడ్ కరగాలి. కొలిచి రాసిన అంకె 20 డిగ్రీల దగ్గరే దాదాపు పది గ్రాములు, రెట్టింపుకు పైనే. కొంత లెడ్ ఒక క్లోరైడ్‌తో జతకట్టి PbCl⁺ అయి కరిగే ఉంటుంది, దాన్ని మన లెక్క చూడదు. పైగా చుట్టూ ఇన్ని అయాన్లున్నప్పుడు ఒక్కోటి తన గాఢత చెప్పినంత చురుగ్గా ఉండదు. అందుకే ఆ అమ్మాయి గీత దగ్గర నాళిక నిజానికి ఇంకా సంతృప్తం కూడా కాలేదు. నేను గాజుకడ్డీతో గీకించింది దండగ. అయొడైడ్‌లో తేడా వందల రెట్లుంది కాబట్టి ఈ పొరపాటు బయటపడలేదు.

వెళ్లేముందు రెండు ద్రావణాలూ 0.2 మోలార్ చేసి ఆ అమ్మాయికిచ్చాను. కలిపాక లబ్ధం 10⁻³, కేఎస్పీకి అరవై రెట్లు. ఈసారి తెల్లటి సన్నని సూదులు మెల్లగా అడుక్కి దిగాయి. సీసం కాబట్టి సింకులో ఒంపనివ్వలేదు, నాళికలన్నీ లెడ్ డబ్బాలో ఖాళీ చేయించి లేబుల్ మీద తేదీ వేశాను. గీత దగ్గర ఏమైందో రేపు క్లాసులో చెప్తానన్నాను. PbCl⁺ సిలబస్‌లో లేదు, అయినా చెప్తాను.