తిరుపతి మిద్దె మీదికి ఏ టెలిస్కోప్?

మాది బైరాగిపట్టెడ. రాత్రి మిద్దె ఎక్కితే ఆకాశం నల్లగా ఉండదు, బూడిద రంగులో ఉంటుంది. అందుకే టెలిస్కోప్ కొందామనుకున్నప్పుడు ఇక్కడ ఏం కనిపిస్తుందో ముందు తేల్చుకున్నా. గెలాక్సీల మీద ఆశ వదులుకోవాల్సిందే. పెద్ద అద్దం ఉంటే అవీ తేలతాయనుకుంటారు గానీ, ఆ అద్దం గెలాక్సీ వెలుగుతో పాటు వీధిలైట్ల వెలుగునూ అంతే పోగుచేస్తుంది. చంద్రుడు, గురుడు, శని, జంట నక్షత్రాలకు ఈ బెడద దాదాపు లేదు. వాటికి కావాల్సింది బొమ్మలో పదును, కదలని స్టాండు.

ఫిజిక్స్ చెప్పే అన్న ఒకాయన తన 70 మి.మీ. లెన్స్ టెలిస్కోప్ ఇచ్చి "ముందు దీంతో చూడబ్బా" అన్నాడు. శని వలయం చిన్నగా అయినా తేటగా కనిపించింది, కానీ ఫోకస్ తిప్పిన ప్రతిసారీ ట్రైపాడ్ వణికి శని గంతులేసేది. ట్యూబును వేలితో తట్టినప్పుడు బొమ్మ రెండు మూడు సెకన్లలో నిలవకపోతే ఆ స్టాండు వద్దు. డబ్బా మీద 525 రెట్లు అని రాసుంటుంది, నమ్మొద్దు. మిల్లీమీటర్లను రెండుతో గుణించండి, 70కి 140 రెట్లు, అది దాటితే మసకే.

తర్వాత 130 మి.మీ. అద్దం, నక్షత్రాల కదలిక వెంట తిరిగే ఈక్వటోరియల్ స్టాండు ఉన్నది చూశా. దాని ఇరుసును ధ్రువనక్షత్రం వైపు పెట్టాలి. మన అక్షాంశం 13.6 డిగ్రీలు కాబట్టి ఆ నక్షత్రం కూడా దిగంతం నుంచి దాదాపు అంతే ఎత్తులో ఉంటుంది, మాకేమో ఉత్తరాన శేషాచలం కొండలు, వాటి మీద తిరుమల లైట్లు! దిక్సూచితో ఉజ్జాయింపుగా పెట్టుకోవచ్చు, నాకంత ఓపిక లేదు.

చివరికి 6 అంగుళాల అద్దమున్న డాబ్సోనియన్ టెలిస్కోప్ తీసుకున్నా. నేల మీద పెట్టే చెక్క బేసు, చేత్తో తోస్తే తిరుగుతుంది, అంతే. ట్యూబు, బేసు విడివిడిగా మెట్లెక్కించుకోవచ్చు. ఫోకల్ లెంత్ 1200 మి.మీ., దాన్ని కంటి దగ్గర పెట్టే లెన్స్, అంటే ఐపీస్ మీద ఉన్న మి.మీ. నంబరుతో భాగిస్తే రెట్లు వస్తాయి. 25తో 48, వస్తువును వెతికి పట్టుకోవడానికి. 10తో 120, గురుడి పట్టీలకు.

అయితే పొద్దుగూకగానే చూస్తే గురుడు నీళ్లలో ఉన్నట్టు కదులుతాడు. పగలంతా కాగిన మిద్దె వేడి వదులుతుంటుంది, అద్దం కూడా బయటి గాలికి చల్లబడాలి. అరగంట ముందే బయట పెట్టి, మిద్దె చల్లారాక పది దాటి చూస్తే అదే గురుడు నిలకడగా ఉంటాడు.

షాపులో లైట్ పొల్యూషన్ ఫిల్టర్ కూడా అంటగట్టబోయారు. అవి పాత సోడియం లైట్ల రంగుల్ని ఆపడానికి చేసినవి, మా వీధిలో ఇప్పుడన్నీ తెల్ల ఎల్‌ఈడీలే, వాటి వెలుగు అన్ని రంగుల్లోనూ పరుచుకుని ఉంటుంది కాబట్టి ఫిల్టర్ పెద్దగా ఆపలేదు. పక్కింటి లైటు కంట్లో పడకుండా తల మీద నల్ల టవల్ కప్పుకుంటున్నా, దానికి ఖర్చేం లేదు.