K చాలా చిన్నదిగా ఉంటే ఐస్ టేబుల్ ఎటువైపు నుంచి మొదలుపెట్టాలి? నేను తప్పు చేసి నేర్చుకున్నది

మాది కావలి. ఎంసెట్ కోసం (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు కదా) ప్రిపేర్ అయ్యేటప్పుడు కెమిస్ట్రీలో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది కెమికల్ ఈక్విలిబ్రియమ్. అందులోనూ ఒకే రకం లెక్క. K విలువ 10⁻⁵, 10⁻⁷ లాగా ఉంటుంది, ఈక్విలిబ్రియమ్ కాన్సంట్రేషన్లు కనుక్కోమంటారు. "K చిన్నది కాబట్టి x చిన్నది, వదిలేయ్" అని క్లాసులో విన్నాను, ప్రతి లెక్కలో అదే చేసేవాడిని. చాలా లెక్కలకు ఆన్సర్ వచ్చేది కూడా. అందుకే తప్పు ఎక్కడుందో చాలా రోజులు తెలియలేదు.

ఒక మాక్ టెస్టులో వచ్చిన లెక్క ఇది. 1 లీటరు ఫ్లాస్కులో 2 మోల్స్ NO, 1 మోల్ Cl₂ తీసుకున్నారు, NOCl అసలు లేదు. రియాక్షన్ 2NOCl ⇌ 2NO + Cl₂, Kc = 1.6 × 10⁻⁵. నేను ఐస్ టేబుల్ వేశాను. ఇనిషియల్ వరుసలో NO కి 2, Cl₂ కి 1, NOCl కి సున్నా. చేంజ్ వరుసలో −2x, −x, +2x. ఇంతవరకు తప్పేమీ లేదు. తర్వాత అలవాటు ప్రకారం 2 − 2x ని 2 అనీ, 1 − x ని 1 అనీ రాసేశాను. అప్పుడు K = (2² × 1)/(2x)², అంటే 1/x² = 1.6 × 10⁻⁵. దాంతో x = 250 వచ్చింది.

ఆప్షన్లలో 250 లేదు. దగ్గరగా కనిపించినదేదో పెట్టి ముందుకెళ్ళిపోయాను.

ఆ ఆదివారం మా పెద్దమ్మ కూతురు ఇంటికొచ్చింది. కాకుటూరులో విక్రమ సింహపురి యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసేది అప్పట్లో. పేపర్ చూపిస్తే ఒక్క నిమిషం చూసి, "ఏందిరా ఇది, ఉన్నదే రెండు మోల్స్ NO, దాంట్లోనుంచి ఐదు వందలు ఎట్టా తీసేస్తావు?" అంది. నిజమే, 2 − 2x లో 250 పెడితే −498 వస్తుంది. కాన్సంట్రేషన్ నెగటివ్ ఉండదు. x వచ్చాక దాన్ని తీసుకెళ్ళి ఈక్విలిబ్రియమ్ వరుసలో పెట్టి చూసుంటే పరీక్ష హాల్లోనే దొరికిపోయేది, పది సెకన్ల పని.

తర్వాత అక్క అడిగిన ప్రశ్నే నాకు అసలు విషయం. "K చిన్నది అంటే చివరికి ఫ్లాస్కులో ఏది ఎక్కువ ఉంటుంది?" రియాక్టెంట్, అంటే NOCl. "మరి నువ్వు మొదలుపెట్టింది ఎక్కడ?" ప్రాడక్టుల వైపు. అంటే ఉన్న NO, Cl₂ దాదాపు అంతా వెనక్కి వెళ్ళి NOCl అవ్వాలి. అప్పుడు x చిన్నది కాదు, 1 కి దగ్గరగా ఉంటుంది. అంత పెద్ద x ని నేను వదిలేశాను.

"కావలిలో ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుగుపాడు పోవాలంటే ఏం చేస్తాం? అది అక్కడ ఆగదు కాబట్టి పెన్నా దాటి నెల్లూరు దాకా పోయి కొంచెం వెనక్కి వస్తాం. ఇక్కడా అంతే, పూర్తిగా అవతలికి పంపించేసి కొంచెం వెనక్కి రా," అంది. చివరి స్థితి ఫ్లాస్కులో మొత్తం ఎన్ని N, O, Cl పరమాణువులు ఉన్నాయన్నదాని మీద, టెంపరేచర్ మీద, వాల్యూమ్ మీద ఆధారపడుతుంది కానీ ఎటునుంచి వచ్చామన్నదాని మీద కాదు. అందుకే కాగితం మీద ముందు రియాక్షన్‌ని మొత్తం ఒక వైపుకి తోసెయ్యొచ్చు.

2 మోల్స్ NO, 1 మోల్ Cl₂ పూర్తిగా కలిస్తే 2 మోల్స్ NOCl, మిగిలేది ఏమీ లేదు. ఇదే కొత్త ఇనిషియల్ వరుస:

```
       2NOCl    ⇌   2NO    +   Cl2
I       2            0          0
C      −2x          +2x        +x
E      2 − 2x        2x         x
```

ఇప్పుడు x నిజంగా చిన్నది. 2 − 2x ని 2 అనుకుంటే K = (2x)²(x)/2² = x³. కాబట్టి x³ = 1.6 × 10⁻⁵. ఇక్కడ చాలామంది పక్కన ఉన్న సున్నాల దగ్గర కూడా x వదిలేస్తారు, అది కుదరదు. పెద్ద సంఖ్యకి కలిసిన లేదా తీసేసిన x ని మాత్రమే వదలాలి. NO దగ్గర ఉన్నదంతా ఆ 2x ఒక్కటే. ఇంకొకటి, 2x కి స్క్వేర్ అంటే 4x², ఆ 4 మర్చిపోతే లెక్క పోయినట్టే.

క్యాలిక్యులేటర్ ఉండదు కాబట్టి ఘనమూలం ఇలా తీసేవాడిని. పవర్ 3 తో భాగించబడేలా మార్చాలి, 1.6 × 10⁻⁵ అంటే 16 × 10⁻⁶. 2.5 ఘనం 15.625, కాబట్టి 16 ఘనమూలం 2.52 దాకా ఉంటుంది. x = 0.0252. ఇప్పుడు చెక్: వదిలేసింది 2x = 0.05, ఉన్నది 2, అంటే 2.5 శాతం. 5 శాతం లోపు ఉంటే చాలు అన్నది మామూలుగా పాటించే రూలు. ఇంకా కచ్చితంగా కావాలంటే 2 బదులు 1.95 పెట్టి మళ్ళీ చేస్తే x = 0.0248 వస్తుంది. ఆప్షన్లు దూరంగా ఉంటే మొదటిదే చాలు.

అక్క అదే లెక్కని కొంచెం మార్చి ఇచ్చింది. Cl₂ 1 కాకుండా 1.5 మోల్స్. ఇప్పుడు అవతలికి తోసేటప్పుడు లిమిటింగ్ రియేజెంట్ చూడాలి. NO అయిపోతుంది, Cl₂ 0.5 మిగులుతుంది. కొత్త ఇనిషియల్ వరుస 2, 0, 0.5. ఈసారి Cl₂ దగ్గర 0.5 + x వస్తుంది, అందులో x వదలొచ్చు. (2x)²(0.5)/4 = 1.6 × 10⁻⁵, x² = 3.2 × 10⁻⁵, x దాదాపు 0.0057. మిగిలిన క్లోరిన్ వల్ల NO 0.05 నుంచి 0.011 కి పడిపోయింది. లె షాటెలియర్ సూత్రం ప్రకారం తగ్గాలి, తగ్గింది. ఇలా చెక్ అయినప్పుడు ఆన్సర్ మీద నమ్మకం కుదురుతుంది.

ఇక చివరిది, నేను రెండోసారి దెబ్బతిన్న చోటు. K అదే, కానీ NOCl 0.001 M మాత్రమే ఇచ్చారు. "K చిన్నది కదా" అని వదిలేస్తే x = 1.6 × 10⁻⁴, అంటే 2x అసలు ఉన్నదాంట్లో 32 శాతం. 5 శాతం చెక్ ఫెయిల్. మొదలుపెట్టిన వైపు సరైనదే, కానీ కాన్సంట్రేషన్ కూడా బాగా తక్కువగా ఉంది కాబట్టి K అంత చిన్నదేమీ కాదు. పల్చనయ్యేకొద్దీ ఎక్కువ భాగం విడిపోతుంది. అప్పుడు వచ్చిన 2x ని 0.001 లోనుంచి తీసేసి ఆ 0.00068 తో మళ్ళీ లెక్కకట్టాలి, x 1.23 × 10⁻⁴ వస్తుంది. మళ్ళీ చేస్తే 1.31, ఆ తర్వాత 1.30 దగ్గర ఆగిపోతుంది. నాలుగైదు సార్లు తిప్పాలి, టైమ్ పడుతుంది. ఎంసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు కాబట్టి ఇలాంటిది కనిపిస్తే మార్క్ చేసుకుని చివర్లో చేసేవాడిని. 2 M లాంటి లెక్కయితే అక్కడికక్కడే చేసేవాడిని, టేబుల్ వేసే ముందు మార్జిన్‌లో "ఏది ఎక్కువ మిగులుతుంది" అని రాసుకుని, దాని కిందే ఇనిషియల్ వరుస మొదలుపెట్టి.