కిరణ్‌ని ఎక్కడ పెట్టాలి?

నిన్న హన్మకొండలో మా చెల్లితో కానిస్టేబుల్ పరీక్షకి ర్యాంకింగ్ లెక్కలు చేస్తూ ఒక్క లెక్క దగ్గరే చాలాసేపు ఆగిపోయాం, అది నాకు భలే నచ్చింది.

లత రవి కంటే పొడుగు, రవి సుధ కంటే పొడుగు, కిరణ్ కూడా సుధ కంటే పొడుగు. చెల్లి వెంటనే కిరణ్‌ని రవి కింద రాసేసింది. కానీ కిరణ్ గురించి తెలిసింది సుధ కంటే పైన అని మాత్రమే, కాబట్టి లత పైన, మధ్యలో, రవి కింద, ఎక్కడైనా ఉండొచ్చు. అందరికంటే పొట్టి సుధ అని చెప్పొచ్చు, అందరికంటే పొడుగు ఎవరంటే మాత్రం ‘చెప్పలేం’ అన్నదే జవాబు.

తర్వాతి వాక్యం: కిరణ్ కంటే పొడుగు ఒక్కరే. ఆ ఒక్కరు రవి అయితే లత కూడా పైనే ఉంటుంది, ఇద్దరవుతారు. అందుకే లత, కిరణ్, రవి, సుధ.